జత పెళ్లి ఉంగరాలు: మెటల్, వెడల్పు, బడ్జెట్ మూడింట్లో ఎవరు తగ్గాలి?

ప్రశ్న: మాకు ఎంగేజ్‌మెంట్ అయిపోయింది, ఇప్పుడు జత ఉంగరాలు చూస్తున్నాం. నాకు ప్లాటినం కావాలి, సన్నగా ఉండాలి. తనకేమో ఎల్లో గోల్డ్, అదీ 8 మిల్లీమీటర్ల వెడల్పు. మళ్లీ బడ్జెట్ దాటొద్దంటాడు. రెండూ జతలా కనిపించాలని మాత్రం ఇద్దరికీ ఉంది. రోజూ ఇదే గొడవ. ఎవరు తగ్గాలి?

సమాధానం:

చాలా ఏళ్లుగా ఉంగరాలు చేసే పనిలోనే ఉన్నాను, అందులోనూ ఎక్కువగా జత బ్యాండ్లే, కాబట్టి ముందు సూటిగా చెప్పేస్తాను. మెటల్ ఇద్దరికీ ఒకటే తీసుకోండి, వెడల్పు ఎవరి వేలికి తగ్గట్టు వాళ్లది వేరుగా పెట్టుకోండి, బడ్జెట్‌కి సరిపోకపోతే అతని వెడల్పు తగ్గించండి, మందం మాత్రం ఎవరూ తగ్గించొద్దు. మందం అంటే ఉంగరాన్ని పక్కనుంచి చూస్తే కనిపించే దళసరి, వేలి మీద ఎంత ఎత్తుగా లేస్తుందో అది. దీని గురించి మీరిద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకుని ఉండరు, మీ ప్రశ్నలో కూడా లేదు, కానీ మీ గొడవ తేలేది దాని దగ్గరే.

ఎందుకంటే మీరు మూడు విషయాలమీద విడివిడిగా వాదించుకుంటున్నారు గానీ అవి మూడూ కలిసి ఒకే లెక్క. సాదా బ్యాండ్‌లో రాళ్లు ఉండవు, డిజైన్ పెద్దగా ఉండదు, మీరు డబ్బులు పెట్టేది దాదాపు బరువుకే. ఆ బరువు ఎంతొస్తుందో షాపుకి వెళ్లకుండానే ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. 3.14 × (లోపలి వ్యాసం + మందం) × వెడల్పు × మందం, అన్నీ మిల్లీమీటర్లలో. వచ్చినదాన్ని 1000తో భాగించి ఆ మెటల్ సాంద్రతతో గుణిస్తే గ్రాములు వచ్చేస్తాయి. సాంద్రత 18 క్యారెట్ ఎల్లో గోల్డ్‌కి సుమారు 15.5, 14 క్యారెట్‌కి 13 చిల్లర, 95 శాతం ప్లాటినంకి 20.5 దాకా వేసుకోండి. కలిపిన లోహాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, అయినా ఒక నిర్ణయానికి రావడానికి ఇది చాలు.

మీలాంటి జంటే ఒకటి నా దగ్గరకి వచ్చింది, వాళ్ల మాటలు ఉన్నదున్నట్టు చెప్తాను, ఎందుకంటే వాళ్లు పైకి అడిగింది ఒకటి, లోపల కావాల్సింది ఇంకొకటి. బహుశా మీ ఇద్దరిదీ అంతేనేమో చూసుకోండి.

కూర్చోగానే అబ్బాయి అన్నాడు, "8 మిల్లీమీటర్లు, ఎల్లో గోల్డ్, నాకు వేరే ఏదీ వద్దండి."

అమ్మాయి వెంటనే, "నాకు ప్లాటినం. సన్నగా, రెండున్నర కంటే ఎక్కువ వద్దు. మరి జత అంటే ఎలా అవుతుంది?"

"అదే కదా నేనూ అంటున్నా, నువ్వు కూడా గోల్డ్ తీసుకుంటే అయిపోతుంది."

"నువ్వు ప్లాటినం తీసుకుంటే కూడా అయిపోతుంది."

"దాని రేటు ఎంతో చూశావా నువ్వు? మనం ఒక లెక్క అనుకున్నాం కదా, దాటొద్దని."

"8 మిల్లీమీటర్లు అడిగేది నువ్వు, లెక్క దాటొద్దనేదీ నువ్వే!"

వాళ్లు మెటల్‌కి పక్కన పెట్టుకున్న డబ్బులు, తయారీ ఖర్చు తీసేస్తే, 18 క్యారెట్ గోల్డ్ 12 గ్రాములకి సరిపోతాయి, ఇద్దరికీ కలిపి. సరేనని ముందు అబ్బాయిది లెక్క కట్టాను. అతని వేలికి లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, పెద్ద చెయ్యి. 8 వెడల్పు, 1.8 మందం పెడితే 15 గ్రాములు దాటిపోయింది. అంటే అతని ఉంగరం ఒక్కటే ఇద్దరి డబ్బులు మింగేసి ఇంకా అడుగుతోంది. కాగితం మీద ఆ అంకె చూసి అమ్మాయి ఏమీ అనలేదు, అతనే, "మరి షాపులో 8 మిల్లీమీటర్లదే 9 గ్రాముల్లో ఇస్తామన్నారే" అన్నాడు.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. 9 గ్రాముల్లో 8 మిల్లీమీటర్లు వస్తుంది, అబద్ధం కాదు, కాకపోతే మందం 1.1 మిల్లీమీటర్లకి పడిపోతుంది. ముందునుంచి చూస్తే తేడా తెలియదు, వేలికి ఉండగా చూస్తే అసలే కనిపించదు. అదే 9 గ్రాములతో 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1.7 మందం వస్తుంది. బంగారం అంతే, డబ్బులు అంతే. కానీ ఒక పట్టీ వంగకుండా నిలబడే గట్టితనం వెడల్పుతో మామూలుగానే పెరుగుతుంది, మందంతో అయితే ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే మందం రెట్టింపైతే గట్టితనం ఎనిమిది రెట్లు. ఆ లెక్కలో 5×1.7 ఉంగరం 8×1.1 ఉంగరం కంటే రెండింతలకి పైగా గట్టిగా ఉంటుంది, అదీ ఒకే బరువులో.

పల్చటి వెడల్పు ఉంగరం ఏమవుతుందంటే, జిమ్‌లో బార్ పట్టుకున్నా, బరువైన సంచి మోసినా, సూట్‌కేస్ హ్యాండిల్ లాగినా కొంచెం కొంచెంగా నొక్కుకుపోయి గుండ్రం పోతుంది, కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. మీకు ఎలా తెలుస్తుందంటే, వేలి మీద ఒక వైపు తిప్పితే వదులుగా, ఇంకో వైపు తిప్పితే బిగువుగా ఉంటుంది, బల్ల మీద నిలబెట్టి దొర్లిస్తే సాఫీగా పోదు. దాన్ని మళ్లీ గుండ్రం చేయొచ్చు, చేస్తాం కూడా, కానీ చేసిన ప్రతిసారీ మళ్లీ వంగుతుంది, గీతలు పోవడానికి పాలిష్ పెట్టిన ప్రతిసారీ ఇంకాస్త పల్చనవుతుంది. రోజూ పెట్టుకునే సాదా బ్యాండ్‌కి 1.5 కంటే తక్కువ మందం నేను చేయను, మగవాళ్ల చేతికైతే 1.7, 1.8 ఉంటే మంచిది.

సరే, రెండు నమూనాలు అతని వేలికి ఒకదాని తర్వాత ఒకటి పెట్టించాను, 8×1.1, 5×1.7. ముందు మొహం మాడ్చుకున్నాడు, "5 అంటే అమ్మాయిల ఉంగరం లాగుంటుందేమో" అని. పెట్టుకున్నాక రెండు మూడు సార్లు పిడికిలి బిగించి చూసుకుని, "ఇదేంటి, ఇదే బరువుగా అనిపిస్తోంది" అన్నాడు. బరువు రెండింటిదీ ఒకటే అని తూచి చూపించాను. అతనికి కావాల్సింది వెడల్పు కాదు, చేతికి ఉంగరం ఉందని తెలియడం. అది మందంలోనే ఉంటుంది, వేలి పక్కలకి తగులుతుంది కాబట్టి.

ఇక అమ్మాయి వైపు. ఆమెని అడిగాను, ప్లాటినమే ఎందుకమ్మా అని. ఎంగేజ్‌మెంట్ ఉంగరం తీసి చూపించింది, 18 క్యారెట్ వైట్ గోల్డ్, అరచేతి వైపు అప్పుడే కాస్త పసుపు తిరిగింది. "ఇది ఇన్ని రోజులకే ఇలా అయింది, జన్మంతా పెట్టుకునేది ఇలా అవ్వకూడదు, ప్లాటినం రంగు మారదంట కదా" అంది.

అబ్బాయి ఆమెని చూసి, "అదా నీ భయం? నాకు ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

"నువ్వు రేటు దగ్గరే ఆగిపోయావు, అడిగితే కదా!"

వైట్ గోల్డ్ సంగతేంటంటే, బంగారం పసుపే, దాన్ని తెల్లబరచడానికి నికెల్ గానీ పల్లేడియం గానీ కలుపుతారు, అయినా పూర్తి తెలుపు రాదు, అందుకని చాలావాటికి పైన రోడియం పూత వేస్తారు. ఆ పూత అరుగుతుంది, ముందు అరిగేది అరచేతి వైపే, ఎందుకంటే ప్రతి వస్తువూ అక్కడే రాసుకుంటుంది. అరిగితే మళ్లీ వేయించుకోవాలి, ఒక్కొక్కరి వాడకాన్ని బట్టి ఏడాదికో రెండేళ్లకో. ఇది లోపం కాదు, ఆ మెటల్ పద్ధతే అంత. ఆమె భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ ఆ భయానికి ప్లాటినం ఒక్కటే మందు కాదు. 18 క్యారెట్ ఎల్లో గోల్డ్‌కి అసలు పూతే ఉండదు, పైన ఏ రంగో లోపలంతా అదే రంగు, ఎంత అరిగినా కింద నుంచి వేరే రంగు బయటపడదు.

ఈ మాట చెప్పాక ఆమె కాసేపు ఆలోచించింది. "కానీ తెల్ల ఉంగరం పక్కన పసుపు ఉంగరం బాగుంటుందా?" బాగుంటుందో లేదో నేను చెప్పేదేముంది, రెండున్నర మిల్లీమీటర్ల ఎల్లో గోల్డ్ నమూనా ఆమె ఎంగేజ్‌మెంట్ ఉంగరం పక్కనే పెట్టించాను, తర్వాత ప్లాటినం నమూనా కూడా పెట్టించాను. ప్లాటినందీ వైట్ గోల్డ్‌దీ తెలుపు ఒకటే తెలుపు కాదు, ప్లాటినం కాస్త బూడిద రంగు వైపు ఉంటుంది, పక్కపక్కన పెడితే కలపబోయి కుదరనట్టు కనిపిస్తుంది. పసుపు పక్కన తెలుపు పెడితే కావాలనే అలా పెట్టుకున్నట్టుంది. ఆమే అంది, "ఇది విడిగా కనిపిస్తోంది, ఇదే నయం" అని. ఇది మాత్రం అభిరుచి విషయం, మీకు వేరేగా అనిపించొచ్చు, కాబట్టి మీ ఎంగేజ్‌మెంట్ ఉంగరం తప్పకుండా వెంట తీసుకెళ్లి పక్కన పెట్టుకునే చూడండి.

అదీ కాక రెండు ఉంగరాలు ఒకే వేలికి పెట్టుకుంటే అవి ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి రాసుకుంటాయి, మెత్తది అరుగుతుంది. నికెల్ కలిపిన వైట్ గోల్డ్ సాధారణంగా ప్లాటినం కంటే గట్టిగా ఉంటుంది, అది ఖరీదైన ప్లాటినం బ్యాండ్ అంచునే గీరుతుంది. నిజానికి ఎల్లో గోల్డ్ కూడా దాని పక్కన కొంత అరుగుతుంది, అందుకే ఆమె ఉంగరానికి కూడా మందం 1.6కి తగ్గనివ్వలేదు, అంచులు కొంచెం గుండ్రం చేశాను.

లెక్క ఎలా తేలిందో చెప్తాను. అతనిది 5×1.7, చదునుగా అయితే 9 గ్రాములు. ఆమెది లోపలి వ్యాసం 16.5, రెండున్నర వెడల్పు, 1.6 మందం, మూడున్నర గ్రాములు. కలిపితే పన్నెండున్నర, అర గ్రాము ఎక్కువ. రెండింటికీ పై భాగం చదునుగా కాకుండా కొంచెం ఉబ్బుగా పెడితే అంచుల దగ్గర మెటల్ తగ్గి సుమారు పదో వంతు బరువు పోతుంది, మధ్యలో మందం అలాగే ఉంటుంది. అలా 11 గ్రాముల చిల్లరకి వచ్చింది, బడ్జెట్ లోపలే. అబ్బాయి ఆ మిగిలినదాంతో, "ఇప్పుడు 5ని 6 చేసుకోవచ్చా?" అని అడిగితే అమ్మాయి, "ఆ డబ్బులు ఉంగరాల లోపల పేర్లు రాయించడానికి" అంది, అక్కడితో ఆ వాదన ముగిసింది.

వాళ్లిద్దరి ఉంగరాలకీ వెడల్పు రెండింతలు తేడా, అయినా బల్ల మీద పక్కపక్కన పెడితే ఎవరైనా జత అనే అంటారు. కంటికి జతగా కనిపించేది ముందు రంగు, తర్వాత పైభాగం ఉబ్బు ఒకేలా ఉండటం, ఆ తర్వాత ఫినిష్, అంటే రెండూ మెరిసే పాలిష్ గానీ, రెండూ సన్నగీతల మాట్ గానీ. వెడల్పు సమానంగా ఉండాల్సిన పనే లేదు. పైగా 5 మిల్లీమీటర్లు ఆమె సన్న వేలికి పెడితే కణుపు దాకా వచ్చి లావుగా కనిపిస్తుంది, రెండున్నర అతని వేలికి పెడితే దారం చుట్టినట్టుంటుంది. ఒకే వెడల్పు పెట్టుకున్న జంటల ఉంగరాలే చేతుల మీద చూస్తే జత కుదరనట్టు ఉంటాయి.

ఇదంతా చదివి ప్లాటినం వద్దంటున్నానని అనుకోకండి. మీకు తెలుపే కావాలి, పూత వేయించుకునే తిరుగుడు వద్దు అనుకుంటే ప్లాటినం చాలా మంచిది. నికెల్ పడక వేలి చుట్టూ దురద, ఎర్రగా దద్దురు వచ్చేవాళ్లకి కూడా నేను అదే చెప్తాను. కాకపోతే రెండు విషయాలు తెలుసుకుని తీసుకోండి. గీతలు పడవని చాలామంది అనుకుంటారు, పడతాయి, గోల్డ్ కంటే తొందరగానే కనిపిస్తాయి కూడా. తేడా ఏంటంటే గీత పడినప్పుడు ప్లాటినం పెద్దగా ఊడిపోదు, పక్కకి జరుగుతుంది, అందుకని బరువు అంతగా తగ్గకుండానే పైనంతా మసక మెరుపు వస్తుంది. కొందరికి అదే ఇష్టం, కొందరికి అసలు నచ్చదు. రెండోది, గ్రాము రేటు చూసి పోల్చుకోవద్దు. అదే కొలతల ఉంగరం ప్లాటినంలో మూడో వంతు ఎక్కువ బరువు వస్తుంది, పై జంట అతని ఉంగరం 9 గ్రాములు కాస్తా 12 అయ్యేది. ప్లాటినం కరగడానికి 1768 డిగ్రీల సెల్సియస్ కావాలి, బంగారానికి 1064 చాలు, కాబట్టి చేసే పని కూడా కష్టం, మజూరీ ఎక్కువ, తర్వాత సైజు మార్చాలన్నా ప్రతి చోటా చేయరు.

ఒకవేళ మీ బడ్జెట్ పై లెక్కకి కూడా అందకపోతే, మందం జోలికి వెళ్లకుండా 14 క్యారెట్‌కి దిగండి. 18 క్యారెట్‌లో బంగారం 75 శాతం, 14లో 58.5 శాతం, దానికి తోడు 14 తేలిక కూడా, రెండూ కలిపి చూస్తే అదే కొలతల ఉంగరంలో అసలు బంగారం దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. రంగు కాస్త పాలిపోయినట్టుంటుంది, కానీ రోజువారీ దెబ్బలకి బాగానే ఓర్చుకుంటుంది. అబ్బాయికి చవగ్గా టంగ్‌స్టన్ ఉంగరం తీసుకుని మీరు ప్లాటినం తీసుకునే ఆలోచన కూడా వస్తుంది, చాలామందికి వస్తుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ గీతలు పడకుండా భలే ఉంటుంది గానీ సైజు మార్చడం కుదరదు, వేలు లావైతే కొత్తది కొనాల్సిందే, గట్టి నేల మీద పడితే పగలొచ్చు కూడా. మళ్లీ మీదీ అతనిదీ రంగు కలవదు, జత కావాలన్న మీ కోరికకే అది అడ్డం.

సైజు విషయంలో ఒక్కటే చెప్తాను, కొలత తీసే రింగు మీరు చేయించుకునే వెడల్పుకి దగ్గరగా ఉండాలి. సన్న రింగుతో కొలిచి వెడల్పు బ్యాండ్ చేయిస్తే అది బిగుస్తుంది, 6 మిల్లీమీటర్లు, ఆ పైనైతే పావు నుంచి అర సైజు పెంచాల్సి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వేళ్లు సన్నబడతాయి, ఎండలో, నడిచొచ్చాక ఉబ్బుతాయి, కాబట్టి వేరు వేరు రోజుల్లో, వేరు వేరు పూటల్లో కొలిపించుకోండి. కణుపు దాటేటప్పుడు కొంచెం బిగువుగా ఉండి, దాటాక హాయిగా ఉంటే అదే సరైన సైజు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు కాగితం మీద క్యారెట్, వెడల్పు, మందం ఎక్కడ కొలిచిందో, పైభాగం ఉబ్బా చదునా, ఫినిష్ ఏంటి, సుమారు బరువు, ఇవన్నీ రాయించుకోండి. మందం రాయకుండా "8 మిల్లీమీటర్ల ఉంగరం, 9 గ్రాములు" అని మాత్రమే రాసే చోట ఆగి అడగండి. రెండు ఉంగరాలూ ఒకే చోట, ఒకేసారి చేయించండి, ఎందుకంటే 18 క్యారెట్ అని రెండు చోట్ల చెప్పినా రాగి, వెండి కలిపే పాళ్లు మారితే ఒకటి ఎర్రగా ఒకటి పచ్చగా తేలుతుంది. తీసుకునేటప్పుడు కొలత పట్టుకునే వర్నియర్ కాలిపర్స్ అడిగి మందం మీ ముందే చూపించమనండి, ఉంగరం చుట్టూ మూడు నాలుగు చోట్ల, ఎక్కువగా అరచేతి వైపు వచ్చే చోట. లోపల పేర్లు, తేదీ రాయించడం మాత్రం ఉంగరం రెండు మూడు వారాలు పెట్టుకుని సైజు కుదిరిందని తేలాకే చేయించండి, ముందే రాయించి తర్వాత సైజు మార్చాల్సి వస్తే కోసి అతికేది సరిగ్గా ఆ అక్షరాల మధ్యే పడొచ్చు.